మజ్జిగలో నీళ్లెన్ని పోస్తున్నారు?

అందరికీ నమస్కారం. పాలు తాగిన గంటకో రెండు గంటలకో కడుపు ఉబ్బి, గడబిడగా ఉండి, విరేచనాలయ్యేవాళ్లు మన కావలిలో చాలామందే ఉన్నారు. పాలలో ఉండే చక్కెర లాక్టోజ్. దాన్ని విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగులో తగ్గితే, అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరి అక్కడి బ్యాక్టీరియాకు మేత అవుతుంది. గ్యాస్ అక్కడే పుడుతుంది. ఒంగోలు ఆవు పాలైతే పడతాయని కొందరంటారు కానీ, వాటిలోనూ లాక్టోజ్ ఉంటుంది.

మా పిన్ని పాలు మానేసి మజ్జిగకు మారింది. కడుపు కుదుటపడింది. ఒకరోజు ఆమె మజ్జిగ చేస్తుంటే చూశాను. రెండు చెంచాల పెరుగు, చెంబుడు నీళ్లు, ఉప్పు, కరివేపాకు. ఆ పెరుగు 40 గ్రాములుంటుందేమో. అందులో కాల్షియం 50 మిల్లీగ్రాములు, ప్రొటీన్ గ్రామున్నర కూడా ఉండవు. ఆమెకు రోజుకు కావలసింది 1000 మిల్లీగ్రాముల కాల్షియం. 60 కిలోల మనిషి కాబట్టి ప్రొటీన్ 50 గ్రాములు కావాలి. నీళ్లు కలిపితే లాక్టోజ్‌తో పాటు ఇవి కూడా పలచబడతాయి.

అందుకే పెరుగును బాగా తోడుకోనిచ్చి, కాస్త పుల్లబడ్డాక, కప్పు పెరుగుకు కప్పు నీళ్లు పోసి చిలకమన్నాను. తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడానికీ సాయపడుతుంది. అన్నంతో కలిపి తాగితే ఇంకా తేలిక. మొదట అరకప్పు పెరుగుతో మొదలుపెట్టింది, వారానికి కప్పుకు వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. ఆ రెండు కప్పుల పెరుగుతో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం, 10 గ్రాముల ప్రొటీన్ వస్తాయి.

మిగతాది ఎక్కడిది? 75 గ్రాముల రాగిపిండితో చేసిన సంగటిలో 250 దాకా కాల్షియం ఉంది. గుప్పెడు మునగాకు పప్పులో వేస్తే ఇంకో 100 పైనే. సాయంత్రం ఉలవ గుగ్గిళ్లు కాల్షియంతో పాటు ప్రొటీన్ కూడా ఇస్తాయి. చేపలు తినేవాళ్లకు ముల్లుతో నమిలే నెత్తళ్లు మంచివి. పాలకూరను మాత్రం లెక్కలో వేయకండి, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

ఇంకా తక్కువైన రోజు లాక్టోజ్ లేని పాలు ఒక గ్లాసు తాగుతుంది. అందులో కాల్షియం, ప్రొటీన్ మామూలు పాలలో ఉన్నంతే. లాక్టోజ్‌ను ముందే విడగొట్టారు కాబట్టి తియ్యగా అనిపిస్తాయి. షుగర్ ఉన్నవాళ్లు ఇందులో చక్కెర లేదనుకోకూడదు.

పాల ఎలర్జీ వేరే సమస్య, వాళ్లకు మజ్జిగ కూడా పనికిరాదు. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా, నిద్రలోంచి లేపే విరేచనాలవుతున్నా మజ్జిగ మార్చి చూస్తూ కూర్చోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.