రివర్స్‌లో ఎడమ అద్దం దానంతటదే వంగేలా డ్రైవర్ ప్రొఫైల్ అమర్చుకోవడం

నమస్కారం. కడపలో మా ఇంటి ముందు, కారులోనే కూర్చుని ఈ వీడియో చేస్తున్నాను. ఈ కారును నేనూ మా ఆవిడా నడుపుతాం. నాది ఆరడుగుల ఎత్తు, ఆమెది ఐదడుగులు. అందుచేత ఇద్దరికీ వేర్వేరు ప్రొఫైళ్లు పెట్టుకున్నాం.

కారు ఆన్ చేసి, గేరు P లో ఉంచి, స్క్రీన్ మీద మీ ప్రొఫైల్‌ను ఎంచుకోండి. ముందు సీటును, ఆ తరువాతే అద్దాలను సరిచేసుకోవాలి. సీటు ఒక అంగుళం లేచినా కంటి ఎత్తు మారి, అద్దంలో కనిపించేదీ మారిపోతుంది. రెండూ కుదిరాక తలుపు మీది SET నొక్కి, వెంటనే 1 నొక్కితే బీప్‌మంటుంది.

ఇక రివర్స్ సంగతి. బ్రేకు మీద కాలు ఉంచి గేరును R కు మార్చండి. అద్దాల స్విచ్ L వైపు ఉండాలి. అది మధ్యలో ఉంటే చాలా కార్లలో అద్దం కదలదు. ఈ సంగతి తెలియక, మోటారు పోయిందనుకుని నేను వర్క్‌షాపు దాకా వెళ్లి వచ్చాను. మా ఇంటి ముందు కాలువ గట్టున నాపరాళ్లు పరిచి ఉన్నాయి. వెనుక చక్రమూ, ఆ రాళ్ల అంచూ రెండూ ఒకేసారి కనిపించే దాకా ఎడమ అద్దాన్ని వంచండి. నేల మాత్రమే కనిపించేలా వంచితే చక్రం ఎంత దూరంలో ఉందో తెలియదు.

మా కారు ఈ కోణాన్ని R నుంచి బయటికి రాగానే తానే గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని కార్లలో R లో ఉండగానే మెమరీ బటన్ నొక్కాలి కనుక మీ మాన్యువల్ చూసుకోండి. తరువాత P కు మార్చి చూడండి. అద్దం మామూలు స్థానానికి తిరిగి రాక ఇంకా నేలనే చూస్తుంటే, వంగిన కోణమే నడిపేటప్పటి కోణంగా నమోదై ఉండవచ్చు. అప్పుడు P లోనే అద్దాన్ని సరిచేసి, మళ్లీ SET, 1 నొక్కండి.

ఏసీకి మా కారులో SET అవసరం లేదు. ఆ ప్రొఫైల్‌లో చివరగా పెట్టిన ఉష్ణోగ్రతే నిలుస్తుంది. నేను ఎండాకాలంలో 22 పెడతాను, మా ఆవిడకు 25 కావాలి. ఆమె నా ప్రొఫైల్‌లోనే బండి తీసి 25 పెడితే, మరునాడు నాకూ అదే వస్తుంది. సీటు మాత్రం నేను భద్రపరచిన చోటే ఉంటుంది. చేత్తో తిప్పే గాలి రెక్కలను ఏ ప్రొఫైలూ గుర్తుంచుకోదు.

చివరిగా, మీ తాళాన్ని మీ ప్రొఫైల్‌కు జత చేయండి. అయితే ఇద్దరి తాళాలూ కారులోనే ఉంటే, ఎదుటివారి ప్రొఫైల్ తెరుచుకోవచ్చు. మా ఆవిడ సంచిలో తన తాళం ఉన్నప్పుడు నాకు ఇలాగే సీటు ముందుకు జరిగి మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. కాబట్టి బండి కదిలించక ముందే స్క్రీన్ మీద పేరు చూసుకోండి.