బట్టల కొట్టుకి సీజన్ ఇండెక్స్: 12 నెలల అమ్మకాలతో సరుకు, డబ్బు ప్లాన్

నమస్కారం అండి. స్క్రీన్ మీద ఉన్నది ఒక బట్టల కొట్టు 2025 లెక్క, ఉదాహరణకి తీసుకున్నాను. A కాలమ్‌లో నెలలు, B కాలమ్‌లో అమ్మకాలు. అరువు బేరాలు ఉంటే డబ్బు వచ్చిన నెల కాదు, సరుకు వెళ్లిన నెలలోనే రాయండి. మొత్తం 60 లక్షలు, అంటే నెలకి సగటు 5 లక్షలు. ఇప్పుడు C2లో ఇది కొట్టండి:

```
=B2/AVERAGE($B$2:$B$13)*100
```

కిందికి లాగండి, అంతే. వచ్చిన అంకే ఆ నెల సీజన్ ఇండెక్స్: 100 అంటే సగటు నెల, 150 అంటే సగటుకి ఒకటిన్నర రెట్ల అమ్మకం. డాలర్ గుర్తులకి నేను F4 నొక్కుతాను, ఫోన్‌లో అయితే చేత్తో కొట్టాలి. అవి లేకపోతే సగటు కూడా కిందికి జారిపోతుంది. పన్నెండు ఇండెక్స్‌లూ కూడితే 1200 రావాలి, రాకపోతే డాలర్లు చూసుకోండి.

చూడండి, జూలై 60, ఆషాఢం కదా. సెప్టెంబర్ 150, అక్టోబర్ 120, నవంబర్ 80. దీన్నే 2026కి వాడేద్దామా? వద్దండి, ఇక్కడ కొంచెం ఆగుదాం.

2025లో దసరా అక్టోబర్ 2. అందుకే దసరా కొనుగోళ్లన్నీ సెప్టెంబర్‌లో పడ్డాయి. 2026లో దసరా అక్టోబర్ 20, దీపావళి నవంబర్ 8. నెల పేరు చూసి సరుకు తెస్తే సెప్టెంబర్‌లో అంతా అరల్లోనే ఉండిపోతుంది. అందుకని రోజువారీ చిట్టా తీసి పండగ బేరాన్ని విడదీయాలి. సెప్టెంబర్ 7.5 లక్షల్లో దసరాది 3.5, మామూలు బేరం 4. అక్టోబర్ 6 లక్షల్లో దీపావళిది 2, మామూలుది 4. ఇప్పుడు దసరా 3.5 మొత్తం అక్టోబర్‌కి జరపండి. దీపావళి 2 లక్షల్లో సగం అక్టోబర్‌లో, సగం నవంబర్‌లో వేద్దాం. అదుగో, సెప్టెంబర్ 80, అక్టోబర్ 170, నవంబర్ 100 అయ్యాయి. మొత్తం మళ్లీ 1200 ఉందా? ఉంది. ఆషాఢం కూడా 2026లో జూలై నడిమి నుంచి ఆగస్టు రెండో వారం దాకా ఉంటుంది, దాన్నీ ఇలాగే జరపండి. రోడ్డు పనుల వల్ల కొట్టు మూతపడ్డ నెల ఉంటే మాత్రం ఆ నెలకి మామూలు బేరం అంచనా వేసి రాయండి, లేకపోతే అదీ సీజన్‌లాగే కనిపిస్తుంది.

ఇక డబ్బు. ఏడాదికి 66 లక్షలు అనుకుంటే సగటు 5.5. అక్టోబర్‌కి 170 శాతం, అంటే 9.35 లక్షల అమ్మకం. వంద రూపాయల అమ్మకంలో సరుకు ఖరీదు 75 అయితే దాదాపు 7 లక్షల సరుకు కావాలి. సెప్టెంబర్‌లో వచ్చే అమ్మకం 4.4 లక్షలే. హోల్‌సేల్ వాళ్లు 30 రోజుల గడువిస్తే, సెప్టెంబర్ 1న సరుకు దింపుకుంటే అక్టోబర్ 1న బిల్లు కట్టాలి, అప్పటికి దసరా బేరం మొదలే కాదు. సగం సరుకు సెప్టెంబర్ 20 తర్వాత దింపమని అడగండి. ఆ బిల్లు అక్టోబర్ 20కి పడుతుంది, దసరా డబ్బు గల్లాలోకి వచ్చాక కట్టొచ్చు.