రిజల్ట్స్ రాత్రి క్యాలెండర్ స్ప్రెడ్: దూరపు కాలుకీ దెబ్బ తగులుతుంది

యాంకర్: రిజల్ట్స్ రాగానే ఐవీ, అంటే షేరు ఎంత కదులుతుందని ఆప్షన్ ధర చెబుతోందో ఆ అంకె, పడిపోతుంది. అందుకే దగ్గరి ఎక్స్‌పైరీ ఆప్షన్ అమ్మి దూరపుది కొంటే, అదే క్యాలెండర్ స్ప్రెడ్ వేస్తే, డబ్బులే అంటారు కదన్నా?

ట్రేడర్: సగం నిజం. స్ప్రెడ్‌లోని రెండు ఆప్షన్లనీ కాళ్లు అంటాం, దూరపు కాలు ఐవీ కూడా పడుతుందమ్మా. ఆ సంగతి నేను డబ్బులు పోగొట్టుకున్నాకే తెలుసుకున్నాను.

యాంకర్: అంకెలతో చెప్పండి.

ట్రేడర్: అమెరికాలో ఒక షేరు 100 డాలర్ల దగ్గర ఉందనుకో. గురువారం మార్కెట్ మూసాక రిజల్ట్స్. ఆ రోజు మార్కెట్ మూసే ముందు, శుక్రవారం ఎక్స్‌పైరీ అయ్యే 100 స్ట్రైక్ కాల్, అంటే షేరుని 100కే కొనే హక్కు, 2.50కి అమ్మి, నెల తర్వాతి 100 కాల్ 4.45కి కొన్నాం. రెండూ కలిపి ఒకే ఆర్డర్. చేతి నుంచి పెట్టింది 1.95.

యాంకర్: ఈ రేటు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

ట్రేడర్: అసలు పని అదే. షేరు ధర, స్ట్రైక్ ఒకటే అయినప్పుడు ప్రీమియాన్ని 0.4తో భాగిస్తే మార్కెట్ ఎంత కదలిక ఊహిస్తోందో సుమారుగా వస్తుంది. దగ్గరిది 6.25, దూరపుది 11.1. మన షేరు 100 కాబట్టి అవే శాతాలు. వీటిని నేరుగా తీసేయకూడదు, వర్గాలు చేసి తీసేయాలి. 123లోంచి 39 పోతే 84, దాని వర్గమూలం 9.2. అంటే రిజల్ట్స్ పోగా నెలకి 9.2 శాతం, దాన్ని 12 వర్గమూలంతో గుణిస్తే ఏడాది లెక్కన ఐవీ 32.

యాంకర్: ఆ 32తో ఏం చేస్తాం?

ట్రేడర్: రిజల్ట్స్ లేని రోజుల్లో ఆ షేరు ఐవీ ఎంత ఉండేదో చూడు. 32 చుట్టూ ఉంటే రేటు సబబే. 25 దగ్గర ఉండేదైతే దూరపు కాలు ఖరీదుగా కొన్నట్టే. శుక్రవారం ముగింపుకి షేరు 100 దగ్గరే ఆగితే అమ్మినది సున్నా అయిపోతుంది. అప్పుడు ఐవీ 32 అయితే కొన్నది 3.60 పలుకుతుంది, లాభం 1.65. ఐవీ 25కి దిగితే 2.80, లాభం సగమే.

యాంకర్: షేరు 110కి ఎగిరితే?

ట్రేడర్: రెండు కాల్స్ మధ్య తేడా 70 సెంట్లకి కుంచించుకుపోతుంది, 1.25 పోయినట్టే. ఈ లెక్కలో షేరు అటూ ఇటూ సుమారు 4 డాలర్ల లోపు ఉంటేనే లాభం. అందుకే రిజల్ట్స్‌కి ఎక్కువగా ఎగిరిపడే అలవాటున్న షేర్ల జోలికి నేను వెళ్లను.

యాంకర్: మన ఎన్‌ఎస్‌ఈలో?

ట్రేడర్: అక్కడ షేర్లకి వారం ఎక్స్‌పైరీలు లేవు, నెలవే. తర్వాతి నెలలో చాలా షేర్లకి కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఉండే ధర తేడాయే లాభం తినేస్తుంది. పైగా ఎక్స్‌పైరీ దాకా ఉంచితే షేర్లే డెలివరీ ఇవ్వాల్సి రావచ్చు.

యాంకర్: మరి బయటికి ఎప్పుడొస్తారు?

ట్రేడర్: శుక్రవారం పొద్దున, మొదటి పావుగంట గందరగోళం తగ్గాక. రెండు కాళ్లూ కలిపే మూసేస్తాను. అమ్మినది పడిపోయింది కదా అని కొన్నది ఒక్కటే అట్టిపెట్టుకుంటే, అది ఇంకో ట్రేడ్ అయిపోతుంది.