నలభై లోపే నెలసరి ఆగితే: పరీక్ష, మందు, గర్భం

అందరికీ నమస్కారం.

నలభై ఏళ్లు నిండకముందే అండాశయాల పని మందగించి నెలసరి గాడి తప్పడాన్ని, లేదా పూర్తిగా ఆగిపోవడాన్ని ప్రిమెచ్యూర్ ఓవేరియన్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. ఆసుపత్రుల్లో పొట్టిగా పీఓఐ అంటారు. అరుదైన జబ్బని చాలామంది అనుకుంటారు. 2024లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల అంచనా ప్రకారం నూరుమంది స్త్రీలలో మూడు నుంచి నలుగురిలో ఇది కనిపిస్తుంది. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లకు ఈ మాట వినిపించినప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఇవాళ్టి విషయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆమెకు 32 ఏళ్లు. పెళ్లై నాలుగేళ్లు, పిల్లలు లేరు. ఏడాదిగా నెలసరి నలభై రోజులకో యాభై రోజులకో వచ్చేది. ఇప్పుడు అయిదు నెలలుగా రానేలేదు. రాత్రిళ్లు ఒంట్లోంచి వేడి ఆవిర్లు, చెమటలు, నిద్ర పట్టదు. మొదట చూపించుకున్నచోట పీసీఓడీ కావచ్చని నెలసరి రప్పించే మాత్రలు అయిదు రోజులకు రాసిచ్చారు. మొదటిసారి కొద్దిగా కనిపించింది. రెండోసారి మాత్రలు అయిపోయి పది రోజులైనా ఏమీ లేదు.

ఆ రెండోసారి జరిగినదానిలోనే పెద్ద సూచన ఉంది. ఆ మాత్రల్లో ఉండేది ప్రొజెస్టెరాన్ జాతి మందు. గర్భసంచి లోపలి పొర అప్పటికే పెరిగి ఉంటే, మందు ఆపాక అది ఊడి రక్తస్రావమవుతుంది. ఆ పొరను పెంచేది అండాశయం తయారుచేసే ఈస్ట్రోజెన్. అది లేకపోతే పొర ఉండదు, ఊడడానికి ఏమీ ఉండదు. కాబట్టి మాత్ర వాడినా నెలసరి రాలేదంటే, ముందు గర్భం లేదని తేల్చుకుని, తర్వాత హార్మోన్లు చూడాలి. మళ్లీ అదే మాత్ర ఇంకో నెల రాసుకుంటూ పోవడం వల్ల ఏడాది గడిచిపోతుంది.

చూడాల్సిన ముఖ్యమైన పరీక్ష ఎఫ్‌ఎస్‌హెచ్. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, అండాశయానికి 'అండం పెంచు' అని చెప్పడానికి పంపే హార్మోన్ ఇది. అండాశయంలో అండపు తిత్తులు పెరిగితే ఈస్ట్రోజెన్‌లలో ముఖ్యమైన ఎస్ట్రాడయాల్ తయారవుతుంది, అది పిట్యూటరీని తగ్గమంటుంది. తిత్తులు కరువైతే ఎస్ట్రాడయాల్ రాదు, పిట్యూటరీ మరింత ఎఫ్‌ఎస్‌హెచ్ వదులుతుంది. కనీసం నాలుగు నెలలుగా నెలసరి రాకుండా గానీ, గతి తప్పిగానీ ఉండి, ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటితే పీఓఐ అంటారు. దాంతోపాటు ఎస్ట్రాడయాల్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, పాలు తయారుచేయించే హార్మోన్ ప్రొలాక్టిన్ కూడా చూస్తారు. గర్భనిరోధక మాత్రలు వాడుతుండగా ఎఫ్‌ఎస్‌హెచ్ తీస్తే ఆ అంకెను నమ్మకూడదు. మాత్రే దాన్ని అణచిపెడుతుంది. మాత్రలు ఆపి కొన్ని వారాలు ఆగాకే రక్తం ఇవ్వాలి.

మన ఉదాహరణలో ఎఫ్‌ఎస్‌హెచ్ 52, ఎస్ట్రాడయాల్ 16 వచ్చాయి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ బాగున్నాయి. అనుమానం తీరక అయిదు వారాలకు మళ్లీ చేయిస్తే ఎఫ్‌ఎస్‌హెచ్ 14, ఎస్ట్రాడయాల్ 140. 'అంతా మామూలైపోయింది' అని ఇంట్లో సంబరపడ్డారు. ఇక్కడ రెండు అంకెలనూ కలిపి చదవాలి. ఆ వారాల్లో మిగిలి ఉన్న తిత్తుల్లో ఒకటి పెరిగింది. దాని నుంచి ఎస్ట్రాడయాల్ వచ్చి పిట్యూటరీని తాత్కాలికంగా నెమ్మదింపజేసింది. జబ్బు పోలేదు. పీఓఐలో అండాశయం ఒక్క రోజున మూతపడదు, మధ్యమధ్య మేలుకుంటుంది. పిల్లల సంగతి మాట్లాడేటప్పుడు ఈ మేలుకోవడమే మనకు ముఖ్యం.

ఏఎంహెచ్ గురించి ఒక మాట. ఏఎంహెచ్ తక్కువుందని రిపోర్టు చూసి, నెలనెలా క్రమంగా నెలసరి వస్తున్నవాళ్లు కూడా 'నాకు ముట్లుడిగిపోయాయి' అని భయపడుతున్నారు. అది అండాల నిల్వ తగ్గిందని చెప్పే పరీక్ష మాత్రమే. ఆ ఒక్క అంకెతో పీఓఐ అని ముద్ర వేయడం తప్పు.

కారణం వెతకడానికి క్రోమోజోముల పరీక్ష, ఎఫ్‌ఎంఆర్1 జన్యు పరీక్ష, అడ్రినల్ గ్రంథిపై శరీరమే దాడి చేస్తోందేమో చూసే యాంటీబాడీ పరీక్ష చేయాలి. కీమో, రేడియేషన్, అండాశయానికి జరిగిన ఆపరేషన్లు చరిత్రలోనే తెలిసిపోతాయి. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. అయినా ఈ పరీక్షలు గర్భానికి ముందే కావాలి. ఒక ఎక్స్ క్రోమోజోము లోపించే టర్నర్ సిండ్రోమ్ బయటపడితే గర్భంలో గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చీలే ప్రమాదం ఉంటుంది కాబట్టి గుండె పరీక్ష ముందు జరగాలి. ఎఫ్‌ఎంఆర్1 మార్పు ఉంటే పుట్టే బిడ్డకు మేధాలోపం సంక్రమించే అవకాశం ఉంది, అక్కచెల్లెళ్లకూ ఇదే సమస్య రావచ్చు.

ఇక మందు. 32 ఏళ్లకే ఈస్ట్రోజెన్ లేకుండా పోతే ఎముకలు పలచబడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అందుకే పిల్లలు కావాలన్నా, వద్దన్నా హార్మోన్లు భర్తీ చేయాలి. సాధారణంగా రోజుకు 2 మిల్లీగ్రాముల ఎస్ట్రాడయాల్ మాత్రతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుతారు, లేదా చర్మానికి అతికించే ప్యాచ్ ఇస్తారు. గర్భసంచి ఉన్నవాళ్లకు నెలకు పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు రాత్రిపూట 200 మిల్లీగ్రాముల సహజ ప్రొజెస్టెరాన్ కలపాలి. అది లేకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి పొర అతిగా పెరిగి ప్రమాదం తెస్తుంది. 'హార్మోన్లు వాడితే క్యాన్సర్ వస్తుందట' అన్న భయం ఎక్కువగా 2002లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం నుంచి పుట్టింది. అందులో పాల్గొన్నవాళ్లు 50 నుంచి 79 ఏళ్ల వాళ్లు. ముప్పైల్లో ఉన్న స్త్రీకి, ఆ వయసులో సహజంగా ఉండాల్సిన హార్మోన్‌నే తిరిగి ఇస్తున్నాం. దాన్ని ఆ లెక్కతో కొలవలేం.

మన రెండు రాష్ట్రాల్లో ముప్పైల్లోనే గర్భసంచి ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లు దేశంలోనే ఎక్కువ. వాళ్లలో రెండు అండాశయాలూ తీసేసిన వారికీ ఇదే ఈస్ట్రోజెన్ లోటు వస్తుంది. డిశ్చార్జి కాగితంలో అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది తప్పకుండా చూసుకోండి.

పిల్లలు కావాలనుకునేవాళ్లు రాసిచ్చిన హార్మోన్ ఏ రకమో అడగాలి. ఎస్ట్రాడయాల్, సహజ ప్రొజెస్టెరాన్ భర్తీ మందు అండం విడుదలను నమ్మకంగా ఆపదు, గర్భం వచ్చే దారి మూయదు. అదే నెలకు 21 మాత్రల గర్భనిరోధక ప్యాకెట్ అయితే దారి మూసేస్తుంది. రెండింటిలోనూ నెలసరి వస్తుంది కాబట్టి ఒకటే అనుకుంటారు. భర్తీ మందు వాడుతూ ఒక నెల నెలసరి రాకపోతే 'మందు పని చేయలేదు' అని వదిలేయకుండా గర్భ పరీక్ష చేసుకోండి.

సొంత అండంతో గర్భం వచ్చే అవకాశం ఎంత? నూరుమందిలో దాదాపు అయిదుగురికి రోగనిర్ధారణ తర్వాత సహజంగా గర్భం వస్తుంది. ఇది నెలకు అయిదు శాతం అని కాదు, మొత్తం మీద లెక్క. ఏ నెలలో అండం పెరుగుతుందో ముందే చెప్పలేం. మందుల షాపులో దొరికే అండం విడుదల కిట్లు ఇక్కడ మోసం చేస్తాయి. అవి చూసేది ఎల్‌హెచ్‌ని, అంటే అండం విడుదల కమ్మని పిట్యూటరీ పంపే హార్మోన్‌ని. పీఓఐలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది కాబట్టి అండం లేకున్నా గీత కనిపిస్తుంది. కిట్లను పక్కనపెట్టి రెండు మూడు రోజులకోసారి కలవడమే మేలు.

'ఇంజెక్షన్ల డోసు పెంచి ఐవీఎఫ్ చేద్దాం' అన్న సలహా వస్తే ఒక్క క్షణం ఆగండి. ఆ ఇంజెక్షన్లలో ఉండేది కూడా ఎఫ్‌ఎస్‌హెచ్ పనే చేసే మందు. ఆమె రక్తంలో అది ఇప్పటికే నిండుగా ఉంది, అయినా అండాశయం పలకడం లేదు. పైన ఇంకా పోస్తే పలుకుతుందని ఆశించడానికి ఆధారం లేదు. సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని, అంటే పీఆర్‌పీని, అండాశయంలోకి ఎక్కించడం, మూలకణాల చికిత్స వంటివి ప్రయోగదశలో ఉన్నవే. వీటితో బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని రుజువు కాలేదు. పొలం అమ్మి, బంగారం తాకట్టు పెట్టి వీటికి ఖర్చు చేయడం ఇంటిని కుంగదీస్తుంది.

నమ్మదగిన మార్గం దాత అండంతో ఐవీఎఫ్. దీని ఫలితం ఎక్కువగా దాత వయసును బట్టి ఉంటుంది, తీసుకునే స్త్రీ అండాశయాన్ని బట్టి కాదు. సంతాన సాఫల్య చికిత్సలపై 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం అండం నమోదైన బ్యాంకు ద్వారా రావాలి. దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి. ఆమె జీవితంలో ఒక్కసారే ఇవ్వవచ్చు, ఏడు అండాలకు మించి తీయకూడదు. పుట్టిన బిడ్డ చట్టరీత్యా ఆ దంపతుల సొంత బిడ్డే, దాతకు హక్కులు ఉండవు. తీసుకునే స్త్రీ వయసు 50 దాటకూడదు.

మన ఉదాహరణలో ఆమె ఈ దారి ఎంచుకుందనుకుందాం. దాత అండాన్ని భర్త వీర్యంతో కలిపి అయిదు రోజులు ల్యాబ్‌లో పెంచుతారు. ఈమెకు ఎస్ట్రాడయాల్ రోజుకు సుమారు 6 మిల్లీగ్రాములు ఇస్తూ పది పన్నెండు రోజులకు స్కాన్ చేస్తారు. పొర 7 మిల్లీమీటర్లు దాటితే యోనిలో పెట్టుకునే ప్రొజెస్టెరాన్ మొదలుపెడతారు. ఆరో రోజున పిండాన్ని గర్భసంచిలో ఉంచుతారు. ప్రొజెస్టెరాన్ ఒక రోజు ముందో వెనకో మొదలైతే పొరకూ పిండానికీ కాలం కుదరదు. అందుకే మొదటి డోసు తేదీ, సమయం కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించాలి.

పది పన్నెండు రోజుల తర్వాత రక్తపరీక్షలో గర్భం నిలిచిందని తెలుస్తుంది. ఇక్కడే ఒక తప్పు జరుగుతుంటుంది. 'గర్భం వచ్చేసిందిగా' అని మాత్రలు ఆపేస్తారు. మామూలు గర్భంలో మొదటి వారాల ప్రొజెస్టెరాన్‌ను అండం విడుదలైన చోట మిగిలిన తిత్తి ఇస్తుంది. ఈమెకు ఆ తిత్తి లేదు, మాత్రలే ఆధారం. ఆపితే గర్భం పోవచ్చు. మాయ పని అందుకునే వరకు, అంటే దాదాపు పది పన్నెండు వారాలు, డాక్టరు చెప్పేవరకు రెండు మందులూ సాగాలి. దాత అండపు గర్భాల్లో బీపీ పెరిగే ముప్పు ఎక్కువ కాబట్టి ప్రతి చెకప్‌లో బీపీ చూపించుకోవాలి, తక్కువ డోసు ఆస్పిరిన్ అవసరమా అని మొదటి మూడు నెలల్లోనే అడగాలి. కాన్పయ్యాక, పాలు మాన్పించాక భర్తీ హార్మోన్లు మళ్లీ మొదలుపెట్టి, సహజంగా ముట్లుడిగే వయసు, అంటే సుమారు 50 వరకు, ఏటా డాక్టరును కలుస్తూ కొనసాగించాలి.