లోలకం ఫార్ములాలో కనిపించని యాంగిల్

“అన్నా, ల్యాబ్‌లో లోలకాన్ని బాగా లాగి వదిలితే 20 డోలనాలకి టైం ఎక్కువ వస్తోంది. ఫార్ములాలో యాంగిలే లేదు కదా, మరి ఎందుకు?”

యాంగిల్ ఉంది తమ్ముడూ, మనమే తీసేశాం. లెక్క మొదట్లో sin θ బదులు θ రాసుకున్నాం చూడు, అది పోయింది అక్కడే. చిన్న కోణాలకి ఆ పని చేస్తే ఎవరికీ తెలియదు. పెద్ద కోణానికి చేస్తే స్టాప్‌వాచ్ పట్టేస్తుంది.

ఎంత పట్టేస్తుందో చూద్దాం. దారం పొడవు L సరిగ్గా 1 మీటరు, g విలువ 9.8 అనుకుందాం. మన ఫార్ములా T = 2π√(L/g) ప్రకారం ఒక డోలనానికి 2.007 సెకన్లు, 20 డోలనాలకి 40.14. ఇప్పుడు గుండుని 30 డిగ్రీలు లాగి వదిలితే ఎంత రావాలి? ఆ sin θ ని అలాగే ఉంచి లెక్క కడదాం.

శక్తి నిత్యత్వం నుంచి మొదలుపెడతాను. గుండు కిందికి దిగినకొద్దీ పోగొట్టుకున్న ఎత్తు వేగంగా మారుతుంది. ఏ కోణం దగ్గర ఎంత వేగముందో తెలిస్తే, అక్కడ ఒక చిన్న ముక్క దాటడానికి ఎంత టైం పడుతుందో తెలుస్తుంది. ఆ చిన్న చిన్న టైంలన్నీ కింది నుంచి చివరి కోణం θ₀ దాకా కలిపితే పావు డోలనం. దాన్ని నాలుగుతో గుణిస్తే ఇది వస్తుంది, స్క్రీన్ మీద చూడండి:

T = 4 √(L/2g) ∫₀^θ₀ dθ / √(cos θ − cos θ₀)

చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉంది కానీ ఇందులో రెండు చిక్కులున్నాయి. ఇంటర్లో నేర్చుకున్న sin, cos, log, వర్గమూలాలు ఎన్ని కలిపి ప్రయత్నించినా దీనికి సమాధానం రాయలేం. మనకి చేతకాక కాదు, అలాంటి సమాధానం అసలు ఉండదు. ఈ రకం ఇంటిగ్రల్స్‌ని దీర్ఘవృత్తీయ సమాకలనులు అంటారు. వాటికి అలాంటి రూపం ఉండదని 1830లలోనే లియోవిల్ అనే ఫ్రెంచి గణితవేత్త నిరూపించాడు.

రెండో చిక్కు ఇంకా చికాకైనది. చివరి కోణం దగ్గర గుండు ఒక్క క్షణం ఆగుతుంది, అంటే వేగం సున్నా. ఆ సున్నా వచ్చి హారంలో కూర్చుంటుంది. మొదటిసారి నేను ఈ ఇంటిగ్రల్‌ని ఉన్నదున్నట్టు ప్రోగ్రాంలో పెట్టేసి, చివరి బిందువు దగ్గర సున్నాతో భాగించానని తిట్లు తిన్నాను. నిజానికి ఇంటిగ్రల్ విలువ పరిమితమే, లోలకం తిరిగి రాకుండా ఎక్కడికీ పోదు కదా! తప్పు మనం ఎంచుకున్న చలరాశిలో ఉంది.

అందుకే θ ని వదిలేసి φ అనే కొత్త కోణం తీసుకుంటాం.

sin(θ/2) = k sin φ,  k = sin(θ₀/2)

గుండు కింద ఉన్నప్పుడు φ సున్నా, చివరికి చేరేసరికి 90 డిగ్రీలు. గుండు చివర్లో తచ్చాడినా φ మాత్రం ఆగకుండా ముందుకు పోతూనే ఉంటుంది. ఇక హారంలో సున్నా అనే మాటే లేదు:

T = 4 √(L/g) ∫₀^(π/2) dφ / √(1 − k² sin²φ)

మన 30 డిగ్రీలకి k అంటే sin 15°, దాని వర్గం 0.067. కాబట్టి వర్గమూలం లోపలున్నది 1 నుంచి 0.933 వరకే తగ్గుతుంది, అంతకన్నా కిందికి పోదు. ఒకటికి ఇంత దగ్గర్లో తిరిగే దాన్ని ద్విపద శ్రేణిగా విప్పొచ్చు:

1/√(1−x) = 1 + x/2 + 3x²/8 + 5x³/16 + …

x స్థానంలో k² sin²φ పెట్టండి. మొత్తంగా లొంగని ఇంటిగ్రల్ ముక్కలుగా లొంగుతుంది. ప్రతి ముక్కలోనూ మనకి కావలసింది ఒక్కటే, 0 నుంచి 90 డిగ్రీల మధ్య sin²φ సగటు ఎంత, sin⁴φ సగటు ఎంత అని. sin² సగటు సగం. దీనికి ఇంటిగ్రేషన్ కూడా అక్కర్లేదు. sin², cos² కలిస్తే ఒకటి, ఈ పావు వృత్తంలో ఇద్దరికీ సమాన వాటా, అంతే. sin⁴ సగటు 3/8, sin⁶ సగటు 5/16.

ఒక్క నిమిషం ఆగి ఆ సంఖ్యలు చూడండి. 1/2, 3/8, 5/16. పైన ద్విపద శ్రేణిలో వచ్చినవీ అవే! అందుకే ప్రతి గుణకమూ ఒక వర్గమై కూర్చుంటుంది:

T = T₀ (1 + k²/4 + 9k⁴/64 + 25k⁶/256 + …)

T₀ మనకి తెలిసిన పాత ఫార్ములానే. ఇప్పుడు k² = 0.067 వేస్తే మొదటి సవరణ 0.01675, రెండోది 0.00063, మూడోది 0.00003. మొత్తం 1.0174. దీంతో 40.14 ని గుణిస్తే 40.84 సెకన్లు. 0.7 సెకన్ల తేడా చేతి స్టాప్‌వాచ్‌లో కూడా కనబడుతుంది. అదే 5 డిగ్రీలైతే 20 డోలనాలకి తేడా 0.02 సెకన్లే, బటన్ నొక్కే వేలి ఆలస్యం ముందు అదెంత? మాస్టారు “కొంచెమే లాగు” అనేది ఇందుకే.

తమ్ముడూ, నీకు మాత్రం పూర్తి 0.7 రాదు. గాలి వల్ల కోణం తగ్గుతూ పోతుంది, ఇరవయ్యో డోలనం నాటికి అది 30 డిగ్రీలు ఉండదు. తేడా నిజంగా కోణం వల్లేనా, పొడవు తప్పు కొలిచావా అని తెలుసుకోవాలంటే ఆపకుండా మొదటి 20 కి, తర్వాతి 20 కి విడిగా టైం తీయి. పొడవు తప్పయితే రెండు చోట్లా తప్పు ఒకేలా ఉంటుంది. కోణం వల్లయితే రెండో 20 తక్కువ టైంలో అయిపోతాయి.

చాలామంది k²/4 ని చిన్న కోణాలకి θ₀²/16 అని రాస్తారు. మంచిదే, కాకపోతే θ₀ రేడియన్లలో ఉండాలి. 30 అని వేసేస్తే సవరణ 56 వస్తుంది, అప్పుడు లోలకం ఒక్కసారి ఊగడానికి దాదాపు రెండు నిమిషాలు. ఈ θ₀²/16 గోడ గడియారాలకి పెద్ద తలనొప్పి. 2 డిగ్రీల ఊపుకి సరిచేసిన గడియారం 3 డిగ్రీలు ఊగడం మొదలుపెడితే రోజుకి 8 సెకన్లు వెనకబడుతుంది. 1656లో లోలకం గడియారం చేయించిన హైగెన్స్ ఈ బాధ పడలేకే దారానికి రెండు వైపులా వంపు రేకులు పెట్టి చూశాడు.

మరి ఈ సిరీస్ ఎంత దూరం పనిచేస్తుంది? 60 డిగ్రీలకి k² = 0.25. మొదటి నాలుగు పదాలు కలిపితే 1.0728, అసలు విలువ 1.0732. బానే ఉంది. 170 డిగ్రీలకి పోదాం. దారం పనికిరాదు, గట్టి కడ్డీ కావాలి. k² = 0.992. నాలుగు పదాలకి 1.48 వస్తుంది, అసలు విలువ 2.44! వంద పదాలు కలిపినా ఇంకా దాదాపు 0.1 తక్కువే. సిరీస్ తప్పు కాదు, k ఒకటికి దగ్గరైనకొద్దీ పదాలు చిన్నబడ్డం మానేస్తాయి. గుండు నెత్తిమీద నిలబడి పడాలా వద్దా అని ఆలోచించే టైం అంతా అందులో ఉంది మరి.

అక్కడ గౌస్ కనిపెట్టిన దారి వాడాలి. 1, cos(θ₀/2) అనే రెండు సంఖ్యలు తీసుకోండి. వాటి సగటు ఒకటి, వాటి లబ్ధానికి వర్గమూలం ఇంకొకటి, ఈ రెండిటితో మళ్లీ అదే పని. 170 డిగ్రీలకి మొదలు 1, 0.0872. తర్వాత 0.5436, 0.2952. తర్వాత 0.4194, 0.4006. తర్వాత 0.4100, 0.4099. మూడే అడుగుల్లో రెండూ కలిసిపోయాయి. T₀ ని ఆ 0.4099 తో భాగిస్తే T వస్తుంది, ఒకటిని దాంతో భాగించి చూడండి: 2.44.