మీ ఆయన మూడ్ ఎప్పుడెట్లుంటదో తెల్వదా? ఆరు వారాలు ఒక నోట్‌బుక్ రాయుండ్రి

నమస్తే అందరికీ. నేను హన్మకొండల కౌన్సెలింగ్ చేస్త. సైకాలజీ చదివిన కానీ డాక్టర్‌ను కాదు, మందులు రాయను, గీ ముచ్చట ముందుగాలనే చెప్తున్న. నా దగ్గరికి వచ్చే ఆడోళ్ళు మస్తు మంది ఒకటే మాట అంటరు, "మేడం, ఆయన ఎప్పుడెట్లుంటడో తెల్వదు, పొద్దున లేవంగనే ముందు ఆయన మొఖం చూసి గప్పుడు మేం మాట్లాడుతం" అని. మొగోళ్ళు కూడా వస్తరు భార్య గురించి, కాకపోతే తక్కువ. ఇయ్యాల నేను ఒక్క ఇంటి కథనే పూర్తిగ చెప్త, ఆ ఇంటోళ్ళను అడిగి, పేరు, వివరాలు మార్చి చెప్తున్న.

ఆమెను సరిత అనుకుందాం. ప్రైవేట్ స్కూల్ల టీచర్. ఆయన ఏనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణం నడిపిస్తడు. పెళ్ళయి తొమ్మిదేండ్లు, ఒక పాప. సరిత వచ్చి కూసున్నప్పుడు నన్ను అడిగింది ఒకటే, "ఇది ఆయన గుణమా, రోగమా? డాక్టర్ దగ్గరికి పోదాం అంటే కొట్లాట అయితది, అనకపోతే ఇల్లు ఆగమైతున్నది."

నేను ఆ రోజు ఏ జవాబు చెప్పలే. ఒక సన్న నోట్‌బుక్ కొనుక్కో, రోజు పండుకునే ముందు ఒక్క లైన్ రాయి, ఆరు వారాలు రాయి, అప్పుడు రా అన్న.

(స్క్రీన్ మీద: నోట్‌బుక్ పేజీ, నాలుగు గడులు)

లైన్‌ల ఏం రాయాలంటే నాలుగే. రాత్రి ఎన్ని గంటలు నిద్ర పోయిండు. పొద్దున అలసట ఉన్నదా లేదా. మూడ్‌కు సున్నా నుంచి పదిల ఒక నంబర్, మామూలుగ ఉంటే ఐదు. నాలుగోది ఆ రోజు ఏమన్న వేరేగ చేసిండా, పైసల ఖర్చు, తాగుడు, లొల్లి, దుకాణానికి పోకపోవుడు, ఏదైనా. మీరు రాసేది భార్య గురించి అయితే పీరియడ్ వచ్చిన తారీఖు కూడా రాయాలె, ఎందుకో జర సేపట్ల చెప్త. "కోపం చేసిండు" అని రాయకుండ్రి, దాంట్ల ఏం తెల్వదు. "రాత్రి రెండింటికి లేచి ముగ్గురికి ఫోన్ చేసిండు" అని రాస్తే తెలుస్తది.

ఇగ సరిత నోట్‌బుక్ చూద్దాం. మొదటి రెండు వారాలు మూడ్ నంబర్ రెండు, మూడు, రెండు, మూడు. నిద్ర పది గంటలు, అయినా లేవంగనే అలసటే. దుకాణానికి తమ్ముణ్ణి పంపిండు, రెండు రోజులు స్నానం చెయ్యలే, పాప దగ్గరికి వస్తే పక్కకు తిరిగి పండుకున్నడు. తర్వాత పది రోజులు నాలుగు, ఐదు, అంతా మామూలే. ఆ తర్వాత ఒక గురువారం నుంచి లెక్క మొత్తం మారింది. నిద్ర నాలుగు గంటలు, మర్నాడు మూడున్నర, అలసట గడిల "లేదు, హుషారు" అని రాసింది సరిత. తెల్లారగట్ల మూడింటికి లేచి లెక్కలు వేసుడు, కోల్డ్ స్టోరేజ్ పెడ్త అని దోస్తులతోని మాట్లాడుడు, మాట మధ్యల ఎవరన్న ఆపితే కస్సుమనుడు, ఇంట్ల చెప్పకుంట అరవై వేలు ఒకాయనకు అడ్వాన్స్ ఇచ్చుడు. గిట్ల ఆరు రోజులు. తర్వాత మల్ల కిందికి పడ్డడు.

నన్ను బాగ కదిలించింది ఏందంటే, ఆ ఆరు రోజుల పక్కన సరిత చిన్నగ పెన్సిల్‌తోని రాసుకున్నది, "మంచిగైండు, దేవుని దయ" అని. ఆ వారంల ఆమె ఏడ్వలే, ఆయన పాపను భద్రకాళి గుడికి తీస్కపోయిండు, అందర్నీ నవ్విచ్చిండు. ఆమెకు అదే అసలు మనిషి, పండుకునే మనిషి రోగి. కానీ డాక్టర్‌కు ఎక్కువ పనికొచ్చేది ఆ హుషారు వారమే.

ఎందుకో నిమ్మళంగ చెప్త. మనకు నిద్ర పట్టకపోతే మర్నాడు కండ్లు మండుతయి, పని సాగదు. గీన నాలుగు గంటలు పండుకొని కూడా అలసట లేకుంట, ఎప్పటికన్న ఎక్కువ జోష్‌తోని తిరుగుతున్నడు. నిద్ర పట్టకపోవుడు వేరు, నిద్ర అక్కరలేకపోవుడు వేరు. ఈ రెండోది వరుసగ నాలుగు రోజులు, అంతకన్న ఎక్కువ ఉండి, దాంతోపాటు మాట, ఖర్చు, ప్లాన్లు అన్నీ పెరిగి, అది ఆయన మామూలు తీరు కాదని చూసేటోళ్ళకు తెలుస్తుంటే, డాక్టర్లు దాన్ని హైపోమేనియా అంటరు. ఇంకా బలంగ ఉండి వారం దాటినా, దవాఖానల చేర్పించే దాకా పోయినా మేనియా అంటరు. కిందికి పడ్డది రెండు వారాలు ఉంటే డిప్రెషన్. ఇట్ల పైకీ కిందికీ పోయేదాన్ని బైపోలార్ అంటరు. ఇది గంటకోసారి మారేది కాదు, రోజులు, వారాలు పడ్తది, గందుకే ఇంట్లోళ్ళకు లెక్క దొరకదు, రాస్తెనే కనవడ్తది.

ఇగ అసలు ప్రమాదం ఎక్కడుందంటే, దవాఖానకు ఎవలైనా కిందికి పడ్డప్పుడే పోతరు. హుషారుగ ఉన్నోన్ని ఎవ్వలూ తీస్కపోరు, ఆయన కూడా రాడు. డాక్టర్ అడిగితే "నిద్ర వస్తలేదు, మనసు బాగలేదు" అనే చెప్తరు, హుషారు వారం ముచ్చట రానే రాదు. అప్పుడు ఒక్క డిప్రెషన్ మందే రాస్తే బైపోలార్ ఉన్న కొందర్ల అది మనిషిని పైకి తోసేస్తది. సరిత వాళ్ళ ఆయనకు అంతకుముందు ఊర్ల ఒక ఆర్‌ఎంపీ నిద్ర గోలీలు ఇచ్చిండు, రెండు నెలలు మింగిండు, నిద్ర పట్టింది గానీ ఈ పైకీ కిందికీ పోవుడు అట్లనే ఉన్నది.

అట్లని మూడ్ మారే ప్రతి మనిషికీ బైపోలార్ అని అనుకోకుండ్రి. నోట్‌బుక్‌ల వేరే బొమ్మలు కూడా వస్తయి. భార్యకు పీరియడ్‌కు ముందు వారంల బాగ కోపం, ఏడ్పు, వచ్చినంక కొన్ని రోజుల్ల సర్దుకొని, రెండు నెలలు వరుసగ అట్లనే కనవడ్తే గైనకాలజిస్ట్‌కో సైకియాట్రిస్ట్‌కో ఆ పేజీలే చూపియ్యాలె, దానికి మందు ఉంది. థైరాయిడ్ ఎక్కువ తక్కువ అయితే కూడా మూడ్ మారుతది, ఒక్క రక్త పరీక్షతోని తెలుస్తది. లొల్లి అయిన రోజులన్నీ తాగిన రోజులే అయితే ముందు తాగుడు ముచ్చట చూడాలె, కానీ రోజూ తాగేటోన్ని ఒక్కసారి బంద్ చెయ్యమని పట్టుబట్టకుండ్రి, ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చూస్తుండంగనే ఆపాలె.

ఇంకొక బొమ్మ ఉంది, ఇది చెప్పేటప్పుడు నాకు గొంతు బరువైతది. కస్టమర్ దగ్గర శాంతం, పెద్దమనుషుల ముంగట శాంతం, తలుపు పెట్టంగనే నీ మీద చెయ్యి లేస్తది. ఎక్కడ కోపం ఆపుకోవాల్నో తెలిసినోనికి ఇంట్ల ఆపుకోవుడు రాదంటే అది మూడ్ కాదు. దానికి మందు వెతుక్కుంట నువ్వు దెబ్బలు తినకు, ఆడోళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యి, ముందు నువ్వూ పిల్లలూ పదిలంగ ఉండే జాగకు పో.

(స్క్రీన్ మీద: "ఆగొద్దు" అని ఎర్ర అక్షరాలు)

కొన్ని ఉంటయి, వాటికి ఆరు వారాలు రాసుకుంట కూసోవద్దు. చచ్చిపోత అనే మాట వస్తే, రెండు మూడు రాత్రులు అస్సలు పండుకోకుంట తిరుగుతుంటే, ఎవలో మాట్లాడుతున్నట్టు వినవడ్తే, లేని అనుమానాలు పెట్టుకుంటే, డెలివరీ అయిన కొత్తల భార్య తికమకగ, బిడ్డ గురించి వింతగ మాట్లాడుతుంటే, అదే రోజు దవాఖానకు పోవాలె. వరంగల్‌ల ఎంజీఎం సర్కారు దవాఖానల సైకియాట్రీ విభాగం ఉంది. రాత్రి అయినా సరే మనసు బాగలేనోళ్ళ కోసం సర్కారు పెట్టిన ఫోన్ లైన్ టెలిమానస్ 14416 ఉంది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. ప్రాణం మీదికి వస్తే 112.

మిగతా వాటికి నేను చూసే గీత ఏందంటే, ఒకే బొమ్మ రెండుసార్లు వచ్చి, దానివల్ల నిద్ర, పని, పైసలు, ఇల్లు వీటిల్ల రెండన్న దెబ్బతింటే, అప్పుడు డాక్టర్ మాట ఎత్తాలె. సరితకు ఏడో వారంల ఆ గీత దాటింది. వెనకటి సంగతులు అడిగితే నిరుడు మిర్చి సీజన్ల కూడా అచ్చం ఇట్లనే అయిందని యాదికి తెచ్చుకున్నది, అప్పుడు పని టెన్షన్ అనుకున్నరట.

ఎప్పుడు చెప్పాలె అనేది చానా ముఖ్యం. హుషారుల ఉన్నప్పుడు చెప్తే "నాకేమైంది, నీకే బుద్ధి లేదు" అంటడు, బాగ కిందికి పడ్డప్పుడు చెప్తే వినే ఓపిక ఉండదు. నడుమ నాలుగు, ఐదు నంబర్ రోజులు ఉంటయి గదా, అప్పుడు చెప్పాలె. సరిత మొదటిసారి తొందరపడి హుషారుల ఉన్నప్పుడే అన్నది, ఆయన "నేనేమన్న పిచ్చోన్నా?" అని బువ్వ పళ్ళెం పక్కకు నూకిండు. రెండోసారి పది రోజులు ఆగింది. పాప పండుకున్నంక చాయ్ ఇచ్చి ఇట్ల అన్నది: "నిన్ను ఏమంటలేను. ఒక వారం నాలుగు గంటలే పండుకుంటున్నవ్, ఇంకో రెండు వారాలు మంచం దిగుతలేవు. నీ పానం ఏమైతదో అని నాకు భయమైతుంది. నిద్ర గురించి ఒక్కసారి డాక్టర్‌కు చూపిద్దాం, నేను కూడా వస్త." రోగం పేరు తియ్యలే, "నీవల్ల" అనలే. ఆయన ఏం అనలే, మూడో రోజు "ఎక్కడికి పోవాలె" అని తనే అడిగిండు. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆయన మాట వినే మనిషి, వాళ్ళ అక్కనో దోస్తునో, ఒక్కరే చెప్పాలె, నలుగురు కలిసి చుట్టూ కూసోవద్దు. ఇంకా రానంటే నువ్వు ఒక్కదానివే 14416కు చేసి మాట్లాడినా ఫర్వాలేదు.

డాక్టర్ దగ్గర నోట్‌బుక్ తెరిచి పెట్టుండ్రి, ఇంట్ల వెనకట ఎవలకన్న ఇట్ల ఉండెనా అన్నది కూడా చెప్పుండ్రి. సరిత వాళ్ళ ఆయనకు థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేసి లిథియం మొదలు పెట్టిండ్రు. ఈ గోలీ పాతది, మంచిగ పనిచేస్తది, కానీ రక్తంల ఎంత ఉన్నదో మధ్య మధ్యల పరీక్ష చెయ్యాలె. మన వరంగల్ ఎండల గురించి ఒక మాట, చెమట బాగ పోయి నీళ్ళు తాగకపోతే, విరేచనాలు అయితే రక్తంల లిథియం పెరుగుతది, మెడికల్ షాపుల ఇబుప్రొఫెన్ అసొంటి నొప్పుల గోలీ అడగకుంట కొని మింగినా పెరగొచ్చు. చేతులు బాగ వణికినా, వాంతులు అయినా, నడక తూలినా ఆ పూట గోలీ ఆపి వెంటనే డాక్టర్‌ను అడగాలె. "మంచిగైన" అని సొంతంగ మందు బంద్ చేసుడు మాత్రం అస్సలు వద్దు, మల్ల పడేది ఎక్కువగ గప్పుడే.

ఐదు నెలలైనంక సరిత ఫోన్ చేసింది. నోట్‌బుక్ ఇప్పుడు ఆయనే రాస్తున్నడట. మొన్న రెండు రాత్రులు నిద్ర ఐదు గంటలకు తగ్గింది, మూడో పొద్దున ఆయనే పేజీ చూపించి, "సరితా, రేపటి దాకా ఎందుకు, ఇయ్యాలనే డాక్టర్‌కు ఫోన్ చేద్దాం" అన్నడట.