మూడు ఖండాల టీంకి ఒకే మీటింగ్: గడియారం మారని చోటు పట్టుకోండి

"మా టీంలో నలుగురం ఇండియాలో, ముగ్గురు శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఇద్దరు బెర్లిన్‌లో ఉన్నాం. వారానికి ఒక మీటింగ్ పెట్టాలి. అందరికీ కుదిరే టైం ఎలా పట్టుకోవాలి, ఎవరి టైం వాళ్లకి తికమక లేకుండా ఎలా చూపించాలి?"

ఇండియా టైం రాత్రి 8:30కి పెట్టండి. ఇన్వైట్‌లో టైం జోన్ కూడా ఇండియాదే పెట్టండి. అసలు పని ఆ రెండో మాటలోనే ఉంది, ఎందుకో ఇప్పుడు చూద్దాం.

ముందు 8:30 ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. ఆఫీసు గంటలే చూస్తే ఈ మూడు చోట్లకీ కలిసే టైం అసలు లేదు. వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 9 అయ్యేసరికి బెర్లిన్‌లో సాయంత్రం 6, ఇండియాలో రాత్రి 9:30. కాబట్టి "మీ ఆఫీసు టైమింగ్స్ ఏంటి" అని అడక్కండి, "మరీ పొద్దున్నే అంటే ఎన్నింటికి రాగలరు, మరీ రాత్రి అంటే ఎన్నింటి దాకా ఉండగలరు" అని అడగండి. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు ఉదయం 7 నుంచి, బెర్లిన్ వాళ్లు సాయంత్రం 7 దాకా, ఇండియా వాళ్లు రాత్రి 10 దాకా అన్నారనుకోండి. అన్నిటినీ UTCలోకి, అంటే ఏ కాలంలోనూ మారని ప్రపంచ ప్రామాణిక టైంలోకి మార్చి ఒక కాగితం మీద రాయండి. అందరికన్నా ఆలస్యంగా మొదలయ్యేది శాన్‌ఫ్రాన్సిస్కో, వేసవిలో 14:00కి. అందరికన్నా ముందు ముగిసేది ఇండియా, 16:30కి. ఆ మధ్యలో ఉన్న రెండున్నర గంటలే మీ చేతిలో ఉన్న టైం.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, కానీ ఈ లెక్క శీతాకాలానికి కూడా వేయాలి. అమెరికాలో గడియారం ఒక గంట వెనక్కి వెళ్లాక శాన్‌ఫ్రాన్సిస్కో ఉదయం 7 అంటే UTC 15:00 అవుతుంది, ఇండియా రాత్రి 10 మాత్రం 16:30 దగ్గరే ఉంటుంది. అంటే మీకు మిగిలేది గంటన్నరే. ఏడాదంతా నడిచే మీటింగ్ ఆ గంటన్నరలోనే పెట్టాలి. ఆ గంటన్నర మొదలయ్యే UTC 15:00 అంటేనే ఇండియాలో రాత్రి 8:30.

ఇప్పుడు టైం జోన్ సంగతి. ఒకసారి మా టీంలో జరిగింది చెప్తాను. ఇవే మూడు చోట్లు. మీటింగ్ శాన్‌ఫ్రాన్సిస్కో టైం ఉదయం 7:30కి పెట్టుకున్నాం, అది వాళ్ల టైం జోన్‌లోనే సెట్ అయి ఉంది. దానితోపాటు గ్రూప్ చాట్ పైన "బెర్లిన్ 4:30, ఇండియా రాత్రి 8:00" అని ఎవరో టైప్ చేసి పిన్ చేశారు. నెలల తరబడి ఏ గొడవా లేదు. 2025 అక్టోబరు 28, మంగళవారం, మేమంతా చేరాం, బెర్లిన్ వాళ్లిద్దరూ లేరు. అరగంట చూసి, వాళ్లు లేకుండానే ముగించాం. ఇంకో అరగంటకి వాళ్లు చేరితే అక్కడ ఎవరూ లేరు. వాళ్ల తప్పేమీ లేదు, పిన్ చేసినదాంట్లో ఉన్న టైంకే వచ్చారు. యూరప్‌లో గడియారాలు ఆ ముందు ఆదివారం, 26నే వెనక్కి తిరిగాయి. అమెరికాలో తిరిగింది నవంబరు 2న. మధ్యలో ఆ ఒక్క వారం మా మీటింగ్ బెర్లిన్‌లో 3:30కి పడింది. క్యాలెండర్ సరిగ్గానే చూపించింది, చేత్తో రాసిన టైం మాత్రం పాతబడిపోయింది.

ఇది ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. అందుకే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర్లో ఒక వారం, ఈ రెండు చోట్ల మధ్య తేడా ఒక గంట మారిపోతుంది. ఇండియాలో గడియారం అసలు మారదు.

మీటింగ్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో టైంకి కట్టేస్తే, ఆ అక్టోబరులో బెర్లిన్ వాళ్లకి మీటింగ్ ఒక వారం గంట ముందుకి జరిగి, మళ్లీ వారానికి వెనక్కి వచ్చింది. ఆ రెండోసారి వాళ్ల ఊళ్లో గడియారం మారనే లేదు, అందుకే ఎవరికీ తట్టదు. ఇండియా వాళ్లకైతే ఎక్కడో గడియారం మారినందుకు ఇక్కడ మీటింగ్ గంట ఆలస్యమవుతుంది. అదే ఇండియా టైం జోన్‌కి, క్యాలెండర్లో దాని పేరు Asia/Kolkata, కట్టేస్తే, ఎవరికైనా మీటింగ్ టైం మారేది వాళ్ల సొంత గడియారం మారిన రోజే. ఆ రోజు వాళ్లకి ఎలాగూ గుర్తుంటుంది, ఫోన్లో, ఇంట్లో, ఆఫీసులో అంతా అదే మాట నడుస్తుంది. నా దృష్టిలో మారని గడియారం ఉన్న చోటు టీంలో ఉంటే దాన్నే ఎంచుకోవాలి, లేకపోతే నేరుగా UTC పెట్టేయొచ్చు.

ఒక్క సంగతి గమనించండి, UTC+5:30 అని నంబర్ రాసే బదులు జోన్ పేరే పెట్టండి. ఇండియా విషయంలో రెండూ ఒకటే కానీ, Europe/Berlin లాంటి చోట +2 అని రాస్తే అది శీతాకాలంలో తప్పవుతుంది. IST అని కూడా రాయొద్దు, ఇజ్రాయెల్ వాళ్లూ ఐర్లాండ్ వాళ్లూ అవే అక్షరాలు వాడతారు.

ఇక చూపించడం. క్యాలెండర్ ఇన్వైట్ ఎవరి టైం వాళ్లకి చూపిస్తుంది, కాబట్టి అసలు సమాచారం అక్కడే ఉండాలి. మెసేజ్‌లో కూడా రాయాలంటే ఆ ఒక్క తేదీకే రాయండి, "ప్రతి మంగళవారం" అని ఎప్పుడూ రాయకండి. ఉదాహరణకి 2026 అక్టోబరు 27ది ఇలా:

```
మంగళ 27 అక్టో  శాన్‌ఫ్రాన్సిస్కో  08:00
మంగళ 27 అక్టో  బెర్లిన్           16:00
మంగళ 27 అక్టో  ఇండియా          20:30
```

మూడు వరసల్లోనూ వారం, తేదీ ఉన్నాయి చూశారా. ఇక్కడ అన్నీ మంగళవారమే కాబట్టి అనవసరం అనిపించొచ్చు. కానీ ఎప్పుడైనా ఇండియాలో బుధవారం ఉదయం 9కి కాల్ పెడితే శాన్‌ఫ్రాన్సిస్కోలో అది ఇంకా మంగళవారం రాత్రి 8:30 (వేసవిలో). వారం రాయకపోతే వాళ్లు ఒక రోజు ఆలస్యంగా వస్తారు. 24 గంటల పద్ధతిలో రాస్తే ఉదయమా రాత్రా అన్న ప్రశ్నే ఉండదు.

ఈ అంకెలు మనసులో లెక్కేయకండి. లినక్స్ ఉంటే ఇలా అడగండి:

```
TZ=Europe/Berlin date -d '2026-10-27 15:00 UTC' '+%a %d %b %H:%M'
```

లేదంటే క్యాలెండర్ సెట్టింగ్స్‌లో మీ టైం జోన్‌ని కాసేపు బెర్లిన్‌కి మార్చి, అక్టోబరు 20, 27, నవంబరు 3 మూడు మంగళవారాలూ చూడండి. 17:00, 16:00, 16:00 అని రావాలి. 20న 17:00, 27న 16:00, 3న మళ్లీ 17:00 అని వస్తే ఇన్వైట్ అమెరికా టైంకి కట్టి ఉంది. మూడూ 17:00 అయితే బెర్లిన్‌కి కట్టి ఉంది.

ఇంకో మాట, "టైం మారుస్తూ పోదాం, కష్టం అందరూ పంచుకుందాం" అని కొందరు అంటారు. ఈ మూడు చోట్లకి అది పనికిరాదు. మీరు మార్చగల ఇంకో టైం ఇండియా ఉదయం 9, అప్పుడు బెర్లిన్‌లో వేసవిలో తెల్లవారుజామున 5:30. ఆ ఇద్దరినే మళ్లీ మళ్లీ నిద్ర లేపుతారు. దానికన్నా ఇండియా, బెర్లిన్ వాళ్లు కలిసే పనులు పగటిపూట వేరే కాల్‌లో ముగించి, రాత్రి 8:30 మీటింగ్‌ని అరగంటకి కుదించండి.